పై ఫ్లాట్ వాళ్లకి రాత్రి చప్పుళ్ల గురించి చీటీ ఎలా రాయాలి

అర్ధరాత్రి పన్నెండుంబావుకి పైన ఎవరో కుర్చీ లాగుతారు. కాసేపటికి వాషింగ్ మెషీన్ మొదలవుతుంది. నిద్ర చెడిన కోపంలో లేచి కాగితం తీసుకుంటే చేతికి వచ్చే మాటలు ఎలా ఉంటాయో అందరికీ తెలుసు. ఆ మాటలు మార్చి, అవతలి వాళ్లు చదివి ఏదైనా చేసేలా చీటీ ఎలా తిరగరాయాలో ఇక్కడ ఒక ఉదాహరణ పట్టుకుని చివరిదాకా చూద్దాం.

ఉదాహరణకి హైదరాబాద్‌లో ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ అనుకోండి. 302లో ఒక కుటుంబం. భర్త ఉదయం ఐదింటికి డ్యూటీకి బయల్దేరతాడు, కొడుకు పదో తరగతి. 402లో అద్దెకున్న ఇద్దరు కుర్రాళ్లు. అమెరికా టైమింగ్స్‌లో ఇంటి నుంచే పని, అర్ధరాత్రి దాటేదాకా కాల్స్. 302 ఆవిడ ఒక రాత్రి రాసిన చీటీ ఇది:

> 402 వాళ్లకి,
> మీకు కాస్తయినా బుద్ధి ఉందా? రోజూ అర్ధరాత్రి దాకా కుర్చీలు లాగడం, వాషింగ్ మెషీన్ వేయడం, ఇష్టమొచ్చినట్టు ధనధనా నడవడం. కింద మనుషులున్నారన్న ఆలోచనే లేదు. బ్యాచిలర్లకి ఇల్లిస్తే ఇలాగే ఉంటుంది. ఇంకొక్కసారి సౌండ్ వచ్చిందంటే ఓనర్‌కి చెప్పి ఖాళీ చేయిస్తాం. పోలీసుల దాకా వెళ్లడానికి కూడా వెనకాడం.
> 302

1. చీటీ ఇవ్వకండి, అందులో ఏముందో చూడండి

పొద్దున లేచాక ఒక పెన్సిల్ తీసుకుని ఈ చీటీలో సమాచారం ఉన్న మాటల కింద గీత గీయండి. సమాచారం అంటే పై ఇంటివాళ్లకి ఇంతకుముందు తెలియనిది, విన్నాక ఏదో ఒకటి చేయగలిగేది. అలా గీస్తే మిగిలేవి మూడు: కుర్చీలు, వాషింగ్ మెషీన్, నడక. టైమ్ కూడా సరిగ్గా లేదు, "అర్ధరాత్రి దాకా" అని మాత్రమే ఉంది. ఏ గదిలో వినిపిస్తోందో లేదు. ఏం చేయమంటున్నారో అసలే లేదు. "సౌండ్ రాకూడదు" అన్నది ఎవరూ చేయగలిగే పని కాదు కదా.

ఇక గీత పడని మాటలు చూడండి. "బుద్ధి ఉందా" అన్నది మనిషి మీద తీర్పు. "ఇష్టమొచ్చినట్టు" అన్నది వాళ్ల మనసులో ఏముందో మనమే చెప్పేయడం. "బ్యాచిలర్లకి ఇల్లిస్తే" అన్నది అన్నింటికంటే పాడుచేసే మాట. ఈ ఊళ్లో పెళ్లికానివాళ్లు ఇల్లు దొరక్క ఎన్ని గుమ్మాలు తిరుగుతారో, ఎన్ని ప్రశ్నలకి జవాబు చెప్పుకుంటారో అందరికీ తెలిసిందే. ఆ ఒక్క వాక్యం చదివాక కుర్చీ సంగతి వాళ్ల తలలో ఉండదు. అవమానం ఒక్కటే ఉంటుంది. "రోజూ" అన్న మాట ఇంకో రకంగా దెబ్బతీస్తుంది. నిన్న రాత్రి వాళ్లు ఊళ్లోనే లేకపోతే, ఆ ఒక్క తప్పు పట్టుకుని చీటీ మొత్తాన్ని కొట్టిపారేస్తారు.

2. వారం రోజులు టైమ్ రాసిపెట్టండి

ఫోన్‌లో నోట్స్ తెరిచి, చప్పుడు విన్నప్పుడల్లా మూడే ముక్కలు రాయండి: ఎన్నింటికి, ఏం చప్పుడు, ఏ గదిలో. అంతకంటే ఎక్కువ అక్కర్లేదు. 302 వాళ్ల లెక్క ఇలా వచ్చిందనుకుందాం:

> సోమవారం రాత్రి 11:50, కుర్చీ, బెడ్‌రూమ్
> మంగళవారం రాత్రి 12:20, కుర్చీ, బెడ్‌రూమ్
> బుధవారం రాత్రి 12:10 మెషీన్, 12:50కి స్పిన్, బెడ్‌రూమ్ అదురు
> గురువారం, ఏమీ లేదు
> శుక్రవారం రాత్రి 11:40, కుర్చీ, బెడ్‌రూమ్
> శనివారం రాత్రి 12:15 మెషీన్, 12:55కి స్పిన్
> ఆదివారం రాత్రి 11:30, నడక, కొద్దిగా

ఇప్పుడు "రోజూ" అన్నది నిజం కాదని తేలింది. కుర్చీ వారంలో మూడు రాత్రులు, మెషీన్ రెండు రాత్రులు. నడక అసలు పెద్ద సమస్యే కాదు, కోపంలో చీటీలోకి వచ్చి చేరింది. సమస్య చిన్నదైపోయిందని కాదు. ఐదు రాత్రుల నిద్ర చెడడం చిన్న విషయం ఏమీ కాదు. కానీ ఇప్పుడు దానికి ఒక ఆకారం వచ్చింది, పరిష్కారం అడగడానికి వీలుగా ఉంది.

ఈ వారంలోనే చప్పుడు నిజంగా 402 నుంచే వస్తోందా అన్నది కూడా చూసుకోవాలి. ఇది చాలామంది వదిలేసే పని. కుర్చీ లాగడం, ఏదైనా కిందపడడం లాంటి చప్పుళ్లు గాలిలో రావు, స్లాబ్‌లో నుంచీ పిల్లర్లలో నుంచీ వస్తాయి. అందుకని నెత్తిమీద వినిపించిన చప్పుడు పక్క 403దీ కావచ్చు, ఇంకో అంతస్తు పైన 502దీ కావచ్చు. మెషీన్ అయితే తేల్చుకోవడం తేలిక. అది నీళ్లు వదిలినప్పుడు యుటిలిటీ బాల్కనీ దగ్గర పైపులో నీళ్లు జారే చప్పుడు వినిపిస్తుంది. ఏ ఫ్లాట్ల పైపో చూసుకోవచ్చు. ఒకే శ్రుతిలో గుయ్‌మని చాలాసేపు వచ్చి టక్కున ఆగిపోతే అది వాషింగ్ మెషీన్ కాకపోవచ్చు, నీళ్ల మోటారు కావచ్చు. మోటారు ఎన్నింటికి వేస్తారో వాచ్‌మన్‌ని అడిగితే చెబుతాడు. కుర్చీ చప్పుడైతే అది వస్తున్న టైమ్‌లో ఒకసారి మెట్లెక్కి పై అంతస్తు దాకా వెళ్లి, ఏ ఇంట్లో లైట్లు వెలుగుతున్నాయో, ఎవరి మాటలు వినిపిస్తున్నాయో గమనించండి. తలుపు మాత్రం కొట్టకండి. ఆ టైమ్‌లో కొట్టిన తలుపు గొడవగానే ముగుస్తుంది.

3. పైన వాళ్లకి ఏం వినిపిస్తుందో తెలుసుకోండి

చీటీ గొంతు మారడానికి నిజంగా పనికొచ్చేది ఇదే. పైన కూర్చున్న మనిషి కుర్చీ వెనక్కి జరిపితే అతనికి టైల్ మీద చిన్న కీచుమన్న శబ్దం వినిపిస్తుంది, అది కూడా చెవుల్లో హెడ్‌సెట్ లేకపోతే. కింద ఉన్నవాళ్లకి మాత్రం ఆ స్లాబ్ మొత్తం డప్పులా మోగుతుంది. కుర్చీ కాలు నేరుగా టైల్‌ని గీరుతుంది, టైల్ సిమెంట్‌తో స్లాబ్‌కి అతుక్కుని ఉంటుంది, మధ్యలో మెత్తటిది ఏదీ లేదు. వాషింగ్ మెషీన్ సంగతీ అంతే. స్పిన్‌లో డ్రమ్ము నిమిషానికి కొన్ని వందల నుంచి వెయ్యికి పైగా చుట్లు తిరుగుతుంది. నాలుగు కాళ్లలో ఒకటి సరిగ్గా ఆనకపోతే ఆ ఊపంతా నేలలోకి దిగుతుంది. పక్క గదిలో ఉన్న యజమానికి అది మామూలు మెషీన్ మోతే, కింద మంచం మీద ఉన్నవాళ్లకి అదురు.

అంటే 402 వాళ్లు నిర్లక్ష్యంగా ఉన్నారన్న మాట సగం సార్లయినా అబద్ధం. వాళ్లకి తెలియదు. ఈ సంగతి చీటీలో ఒక వాక్యంగా రాస్తే, తప్పు ఒప్పుకోవాల్సిన అవసరం లేకుండానే మారే దారి వాళ్లకి దొరుకుతుంది.

4. ఏం అడగాలో రాసే ముందే తేల్చుకోండి

అడిగేది వాళ్లు చేయగలిగేదై ఉండాలి. తన ఇంట్లో తాను నడవొద్దని ఎవరినీ అడగలేం, కాబట్టి నడకని వదిలేయండి. కాల్స్ మానమనీ అడగలేం, అది వాళ్ల ఉద్యోగం. కుర్చీకి మందు సులువు. కాళ్లకి రబ్బరు బుష్‌లు గానీ, అడుగున అంటించే ఫెల్ట్ ముక్కలు గానీ వేస్తే గీరే చప్పుడు చాలావరకు పోతుంది. హార్డ్‌వేర్ షాపులో దొరుకుతాయి, పెద్ద ఖర్చు కాదు. చక్రాల కుర్చీ అయితే కింద మందపాటి మ్యాట్ వేయాలి. మెషీన్‌కి టైమ్ మార్చమని అడగాలి. రాత్రి ఎప్పుడు వద్దో చెప్పడంతో ఆగకుండా, ఎప్పుడు వేసినా మీకు ఇబ్బంది లేదో కూడా చెప్పండి. వాళ్లు పొద్దున లేటుగా లేస్తారు, పగలంతా ఖాళీ టైమ్ ఉంది. ఆ దారి చూపిస్తే ఒప్పుకోవడం తేలిక.

రెండు పనులకి మించి అడగకండి. పార్కింగ్, చెత్త బుట్ట, బాల్కనీలోంచి కారే నీళ్లు, అన్నీ ఇదే అవకాశమని కలిపేస్తే ఇది ఫిర్యాదుల చిట్టా అవుతుంది.

5. మరీ తియ్యగా రాయకండి

కోపం తగ్గించుకోమంటే చాలామంది రెండో చివరకి వెళ్లిపోతారు. అది ఇలా ఉంటుంది:

> నమస్కారమండీ, బాగున్నారా? మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం మా ఉద్దేశం కానే కాదు. మీరు చాలా మంచివాళ్లు. అప్పుడప్పుడు రాత్రిళ్లు కొంచెం సౌండ్ వస్తున్నట్టు అనిపిస్తోంది. మాకే అలా అనిపిస్తోందేమో కూడా. మీకు వీలుంటే, కుదిరితే, కాస్త చూసుకుంటారని. తప్పుగా అనుకోకండి ప్లీజ్.

ఇది చదివిన 402 కుర్రాడు "పాపం, ఎంత మర్యాదగా రాశారో" అనుకుని పక్కన పెట్టేస్తాడు. ఏ సౌండో, ఎన్నింటికో, ఏం చేయాలో ఒక్కటీ తెలియలేదు. "అనిపిస్తోంది", "మాకేనేమో" అన్న మాటలు సమస్య ఉందా లేదా అన్న అనుమానం పెంచుతాయి. నెల తర్వాత మీరు కోపంగా తలుపు కొడితే, "అప్పుడు ఏమీ లేదన్నట్టే రాశారు కదా" అంటారు, అందులో న్యాయం కూడా ఉంటుంది. నా దృష్టిలో కోపపు చీటీ కంటే ఇదే ఎక్కువ నష్టం. కోపపు చీటీలో కనీసం సమస్య ఏమిటో కనపడుతుంది.

6. ఇప్పుడు రాయండి

> 402లో ఉంటున్నవారికి నమస్తే.
>
> మేం మీ కింద 302లో ఉంటాం. రాత్రి చప్పుళ్ల గురించి ఒక విషయం చెప్పాలని రాస్తున్నాను.
>
> వారంలో మూడు రాత్రులైనా 11:30 నుంచి 12:30 లోపు కుర్చీ జరిపిన చప్పుడు మా బెడ్‌రూమ్‌లోకి గట్టిగా వినిపిస్తోంది. బుధ, శనివారాల్లో రాత్రి 12 దాటాక వాషింగ్ మెషీన్ స్పిన్ అయ్యేటప్పుడు మంచం దాకా అదురు తెలుస్తోంది. స్లాబ్ గుండా వస్తుంది కాబట్టి పైన మీకు ఇంత తెలియకపోవచ్చు.
>
> మా ఆయన ఉదయం 5 గంటలకే డ్యూటీకి వెళ్లాలి, బాబుకి ఈ ఏడాది టెన్త్. మధ్యలో మెలకువ వస్తే ఇద్దరికీ మళ్లీ నిద్ర పట్టడం లేదు.
>
> మీరు రెండు పనులు చేస్తే మాకు చాలా మేలవుతుంది. కుర్చీ కాళ్లకి రబ్బరు బుష్‌లు వేయించండి. వాషింగ్ మెషీన్ రాత్రి 10 తర్వాత వేయకండి. ఉదయం 6 నుంచి రాత్రి 10 లోపు ఎప్పుడు వేసినా మాకు ఇబ్బంది లేదు.
>
> మీ పని వేళల వల్ల ఇందులో ఏదైనా కుదరకపోతే చెప్పండి, మాట్లాడుకుందాం. మా ఇంటి నుంచి మీకేమైనా ఇబ్బంది ఉన్నా చెప్పండి. సాయంత్రం 7 తర్వాత ఇంట్లోనే ఉంటాం.
>
> (మీ పేరు, ఫోన్ నంబర్)
> 302

మొదటి చీటీతో పోల్చి చూడండి. "మీరు లాగుతున్నారు" పోయి "చప్పుడు మా బెడ్‌రూమ్‌లోకి వినిపిస్తోంది" వచ్చింది. వాక్యానికి కర్త మనిషి కాకుండా చప్పుడు అయ్యేసరికి చదివేవాళ్ల మీద వేలు ఎత్తినట్టు ఉండదు. మన భాషలో ఇది చాలా సహజంగా కుదురుతుంది. వినిపిస్తోంది, తెలుస్తోంది, నిద్ర పట్టడం లేదు, వీటిలో ఎక్కడా "మీరు" అక్కర్లేదు. "మీరు" అన్న మాటని పనులు అడిగే చోటికి దాచుకోండి, అక్కడ అది మర్యాదగా పనిచేస్తుంది.

అడిగే చోట మాత్రం మెత్తబడకండి. "వేయించండి", "వేయకండి" అని నేరుగా ఉన్నాయి చూశారా. "వీలైతే" అన్న మాట అక్కడ పెట్టలేదు, ఎందుకంటే వీలు కాలేదని చెప్పడం చాలా తేలిక. కుదరకపోతే మాట్లాడుకుందాం అన్నది విడిగా, ఆ తర్వాత వచ్చింది. దానివల్ల కుదరలేదని ఊరుకోకుండా వాళ్లు వచ్చి చెప్పాల్సి ఉంటుంది. "దయచేసి" కూడా లేదు. అది లిఫ్ట్‌లో అంటించిన నోటీసులా వినిపిస్తుంది.

ఇంటి కారణం రెండు ముక్కల్లో సరిపోతుంది. డ్యూటీ టైమ్, పరీక్షలు చాలు. అత్తగారి బీపీ నుంచి మొదలుపెట్టి పేజీ నింపితే సానుభూతి రాదు, విసుగు వస్తుంది.

పిలుపు విషయంలో ఒక జాగ్రత్త. ముఖ పరిచయం లేని కుర్రాళ్లని చీటీలో "తమ్ముడూ" అనో "బాబూ" అనో పిలవకండి, పైనుంచి మాట్లాడినట్టు ఉంటుంది. పైన పెద్దవాళ్లుండి, లిఫ్ట్‌లో కలిసినప్పుడు మీరు ఇప్పటికే అంకుల్, ఆంటీ అంటున్నట్లయితే చీటీలోనూ అలాగే మొదలుపెట్టండి. ఎప్పుడూ అలా పిలిచి ఈరోజు "402 వారికి" అని రాస్తే, ఆ మార్పే కోపంగా కనిపిస్తుంది.

7. ఎప్పుడు, ఎలా ఇవ్వాలి

చప్పుడు వచ్చిన రాత్రి కాదు, మర్నాడు సాయంత్రం వాళ్లు కాల్స్ మొదలుపెట్టే ముందు. చేతికివ్వగలిగితే మంచిది, లేకపోతే మడిచి తలుపు కింద నుంచి తోయండి. తలుపుకి బయట అంటించొద్దు, ఆ అంతస్తులో అందరూ చదువుతారు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూప్‌లో అసలే పెట్టొద్దు. పేరు రాయకుండా "కొందరు రాత్రిళ్లు" అని పెట్టినా ఎవరి గురించో అందరికీ తెలిసిపోతుంది, పది మంది ముందు ఎవరూ సారీ చెప్పరు. వాచ్‌మన్ చేత నోటిమాటగా చెప్పిస్తే రెండంతస్తులు ఎక్కేలోపు మాట మారిపోతుంది, పైగా అతన్ని ఇరుకున పెట్టినవాళ్లమవుతాం.

బుష్‌లు మీరే కొని చీటీతోపాటు ఇవ్వాలా? మొదటిసారి వద్దు, ఆర్డర్ వేసినట్టు ఉంటుంది. వాళ్లు సరేనని పది రోజులైనా కొనకపోతే అప్పుడు తీసుకెళ్లి ఇవ్వొచ్చు.

చీటీ రాయకూడని సందర్భాలూ ఉన్నాయి. పసిబిడ్డ ఏడుపు, జబ్బుపడ్డ పెద్దాయన దగ్గు, వీటిని ఎవరూ ఆపలేరు. ఎవరినో కొడుతున్నట్టు, అరుపులు వినిపిస్తే అది చీటీ రాసే విషయం కాదు, వెంటనే 112కి ఫోన్ చేయండి.

8. చీటీ ఇచ్చాక

వారం పది రోజులు చూడండి, ఫోన్‌లో టైమ్ రాయడం ఆపకండి. తగ్గితే ఆ మాట వెంటనే చెప్పండి. "ఈ వారం హాయిగా పడుకున్నాం, థాంక్స్" అన్న ఒక్క మెసేజ్ వాళ్లు అదే పద్ధతి కొనసాగించేలా చేస్తుంది. తగ్గకపోతే రెండో చీటీ చిన్నగా ఉండాలి:

> నమస్తే. 10వ తేదీన రాసిన చీటీ అందిందనుకుంటాను. కుర్చీ చప్పుడు తగ్గింది, సంతోషం. మెషీన్ మాత్రం 14, 17 తేదీల్లో రాత్రి 12 దాటాక వేశారు. రేపు సాయంత్రం 7 గంటలకి ఐదు నిమిషాలు వచ్చి మాట్లాడనా?

తగ్గినదాన్ని ముందు చెప్పి, మిగిలినదాన్ని తేదీలతో చెప్పింది. దానికీ స్పందన లేకపోతే అప్పుడు అసోసియేషన్ సెక్రటరీకి, ఇంటి ఓనర్‌కి చెప్పండి. రాసిపెట్టుకున్న టైమ్‌లు, రెండు చీటీల ఫోటోలు అప్పుడు పనికొస్తాయి, కాబట్టి ఇచ్చే ముందే ఫోటో తీసిపెట్టుకోండి.

చట్టం మాట మొదటి చీటీలో తేకండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి అంటే 10 నుంచి ఉదయం 6 వరకు, నివాస ప్రాంతాల్లో రాత్రి పరిమితి 45 డెసిబెల్స్. మైకులూ డీజేలూ రాత్రి పదయ్యాక మోగుతుంటే ఈ నియమాలు సూటిగా పనికొస్తాయి, పోలీసులకి ఫోన్ చేయొచ్చు. ఒక్క క్షణం గీరి ఆగిపోయే కుర్చీని డెసిబెల్స్‌లో నిరూపించడం కష్టం, ఫోన్‌లోని యాప్ కొలత గట్టి సాక్ష్యంగా నిలబడకపోవచ్చు. మెషీన్‌కి పెట్టిన "రాత్రి 10, ఉదయం 6" హద్దు మాత్రం ఆ నియమాల నుంచే తీసుకున్నది. ఎవరైనా ఈ టైమ్ ఎందుకని అడిగితే అప్పుడు చెప్పండి, చాలు.

చీటీకి ఎక్కువగా వచ్చే జవాబు ఒప్పుకోలూ కాదు, గొడవా కాదు. ఎదురు ఫిర్యాదు. 402 వాళ్లు ఇలా అనొచ్చు: "బుష్‌లు వేస్తామండీ. కానీ మేం పడుకునేసరికి మూడవుతుంది, పొద్దున ఐదున్నరకే మీ మిక్సీ మోగుతుంది." వెంటనే "మాది పొద్దున, మీది అర్ధరాత్రి, రెండూ ఒకటేనా" అనాలనిపిస్తుంది. అనకండి. ఐదున్నర కూడా ఆరు లోపే కదా, మీరు చెప్పిన హద్దు మీకూ వర్తిస్తుంది. చీటీలో "మీకేమైనా ఇబ్బంది ఉన్నా చెప్పండి" అని రాసింది మీరే. చట్నీ రాత్రి తొమ్మిదింటికి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టొచ్చు, లేదా మిక్సీ కింద మడతపెట్టిన మందపాటి గుడ్డ వేసి ఆరు దాటాక తిప్పొచ్చు. అలా చేయడానికి సిద్ధపడ్డాక జవాబు ఇలా పంపండి:

> చెప్పినందుకు థాంక్స్, మిక్సీ అంత పైకి వినిపిస్తుందని తెలియదు. రేపటి నుంచి ఉదయం 6 లోపు వేయం. మీరు మెషీన్ రాత్రి 10 లోపు వేసుకోండి. రెండు వారాలు ఇలా చూసి, ఎవరికైనా ఇంకా ఇబ్బంది ఉంటే ఆదివారం సాయంత్రం కూర్చుని మాట్లాడుకుందాం.